పెద్దాయన దగ్గర 15 నిమిషాలు కావాలి, ఆయన ఈఏకి మెయిల్ ఎలా రాయాలి?

మౌనిక_మియాపూర్
మాది అమెరికా కంపెనీ. నేను హైదరాబాద్ ఆఫీసులో ఫైనాన్స్ సిస్టమ్స్ టీమ్‌లో ఉన్నాను. ఒక నిర్ణయం కోసం సియాటిల్‌లో ఉండే మా సీనియర్ వైస్ ప్రెసిడెంట్‌తో 15 నిమిషాలు మాట్లాడాలి. ఆయన క్యాలెండర్ మొత్తం ఆయన ఎగ్జిక్యూటివ్ అసిస్టెంట్, అంటే ఈఏ చేతుల్లో ఉంటుంది. అక్టోబరు 6న ఆవిడకి మెయిల్ రాశాను, జవాబు లేదు. 8న జెంటిల్ రిమైండర్ పంపాను, దానికీ జవాబు లేదు. 13న క్యాలెండర్‌లో ఒక ఖాళీ కనిపిస్తే నేనే ఇన్వైట్ పెట్టేశాను. పది నిమిషాల్లో డిక్లైన్ అయింది, కారణం కూడా రాయలేదు. అప్పటినుంచి చాలా టెన్షన్‌గా ఉంది. తప్పు ఎక్కడ చేశానో నిజంగా తెలియడం లేదు.

మొదటి మెయిల్ తెలుగులో పెడుతున్నాను.

సబ్జెక్టు: మీటింగ్ కోసం అభ్యర్థన

"నేను హైదరాబాద్ ఫైనాన్స్ సిస్టమ్స్ టీమ్‌లో సీనియర్ అనలిస్టుని. గత 14 నెలలుగా మా టీమ్ బ్యాంకు లెక్కలూ కంపెనీ లెక్కలూ సరిచూసే కొత్త సిస్టమ్ తయారు చేస్తోంది. (ఇక్కడ సిస్టమ్ గురించి రెండు పేరాలు ఉన్నాయి.) ఈ విషయమై సార్‌తో కొంత సమయం మాట్లాడాలనుకుంటున్నాం. ఆయన వీలునుబట్టి ఎప్పుడైనా సరే. దయచేసి తొందరగా తెలియజేయగలరు."

ఇందులో మర్యాద తక్కువైందా?

నైట్‌షిఫ్ట్_నాని
మర్యాదకి లోటేం లేదు. ఏం కావాలో మాత్రం నాకు అర్థం కాలేదు. మూడుసార్లు చదివాను.

ప్రసాద్_ప్రొడక్ట్
ఈఏలకి రాస్తే ఇంతే. నేరుగా ఎస్వీపీకే రాసి, మీ మేనేజర్‌నీ డైరెక్టర్‌నీ సీసీలో పెట్టండి. పోయిన ఏడాది నేను అలాగే చేశాను, పది నిమిషాల్లో జవాబు వచ్చింది. రిమైండర్ కూడా రోజూ పంపాలి. వాళ్లకి రోజుకి వందల మెయిళ్లు వస్తాయి, పైన కనపడేదే చదువుతారు.

తాడేపల్లి_వీరయ్య
సీనియర్ లీడర్ అంటే ఎమ్మెల్యే గారా? మాకూ తిరుమల దర్శనానికి సిఫార్సు ఉత్తరం కావాలి, వాళ్ల పీఏ ఫోనే ఎత్తడం లేదు. మెయిల్ పెడితే చూస్తారా?

నైట్‌షిఫ్ట్_నాని
వీరయ్య గారూ, ఇక్కడ లీడర్ అంటే కంపెనీ పెద్ద. మీ దానికి మెయిల్ కన్నా ఆధార్ జిరాక్సులు తీసుకుని ఆఫీసుకి వెళ్లడమే మేలు.

శారద_స్టెనో
నేను 19 ఏళ్లు ఈ ఉద్యోగమే చేశాను. మొదట హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ ఎండీ దగ్గర, చివరి ఏడేళ్లు ఇక్కడినుంచే ఒక అమెరికా లీడర్ క్యాలెండర్ చూశాను. మౌనికా, నీ మెయిల్ ఆవిడ టేబుల్ మీదికి వచ్చినప్పుడు ఏం జరిగిందో చెప్తాను.

పొద్దున్నే మెయిళ్లు తెరిచేసరికి మీటింగ్ అడిగేవి ఎప్పుడూ పది పదిహేను ఉండేవి. చదువుతూనే మనసులో వేరు చేసేదాన్ని. కొన్ని బాస్‌ని అడగకుండానే నేనే పెట్టేయగలను. కొన్ని ఆయన్ని అడగాలి. కొన్ని అసలు ఆయన దాకా వెళ్లాల్సినవి కావు, వేరేవాళ్లకి పంపిస్తాను. నీ మెయిల్ రెండో రకం. హైదరాబాద్‌నుంచి ఎప్పుడూ చూడని పేరు, ఆయన్ని అడక్కుండా పెట్టలేను.

మరి ఎలా అడుగుతాను? రోజుకి ఒకసారి పది నిమిషాలు ఆయన పక్కన నిలబడి, లేదా ఫోన్లో, ఆ పదీ పదిహేనూ వరసగా చెప్పేదాన్ని. ఒక్కోదానికి ఒక్క వాక్యం. "ఫలానా వాళ్లు ఫలానా దానికి సంతకం అడుగుతున్నారు, ఫలానా తేదీ దాటితే ఇది జరుగుతుంది, 15 నిమిషాలు." ఆయన అవును, కాదు, లేదా ఫలానావాళ్లని చూడమను అంటారు. అంతే. నీ మెయిల్‌నుంచి ఆ వాక్యం నేను తయారు చేయలేను. "హైదరాబాద్‌నుంచి ఒకమ్మాయి కొంత సమయం మాట్లాడాలంటోంది" అంటే "దేనికి?" అంటారు. నా దగ్గర జవాబు లేదు. అందుకే తర్వాత తీరిగ్గా చదువుదామని పక్కన పెడతాను. ఆ తీరిక రాదు.

ముందు నాకు ఇది చెప్పు. ఆయన నోటినుంచి నీకు కావాల్సిన మాట ఏమిటి? ఏ తేదీ లోపు?

మౌనిక_మియాపూర్
కావాల్సిన మాట: పాత సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఇంకో ఏడాది పొడిగించాలా, ఆపేయాలా. డిసెంబరు 15న ఒప్పందం దానంతటదే ఏడాదికి పొడిగిపోతుంది. వద్దనుకుంటే 30 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. అంటే నవంబరు 15 లోపు. మా డైరెక్టర్ ఆపేద్దామనే అంటున్నారు కానీ ఆ మొత్తానికి సంతకం పెట్టే అధికారం ఆవిడకి లేదు.

శారద_స్టెనో
ఇది మెయిల్‌లో ఒక్కచోట కూడా లేదు కదమ్మా! సిస్టమ్ గురించి రెండు పేరాలు రాశావు, ఇది వదిలేశావు. నాకు కావాల్సిన వాక్యం ఇదే.

ఇంకోటి, నవంబరు 15 శనివారం. అమెరికాలో లీగల్ వాళ్లు నోటీసు తయారు చేసి పంపడానికి కనీసం రెండు రోజులు అడుగుతారు. కాబట్టి నీ అసలు గడువు 12, బుధవారం. మెయిల్‌లో 12 అనే రాయి, ఎందుకో కూడా రాయి. గడువు వెనక కారణం కనిపిస్తే నమ్ముతాం. ఊరికే "అర్జెంట్" అని వచ్చేవి ఎన్నో చూశాం.

గోదారి_గట్టు
"ఎప్పుడైనా సరే" అనడంలో తప్పేముంది? పెద్దవాళ్ల వీలే మన వీలు అనడం మన పద్ధతి.

శారద_స్టెనో
మన పద్ధతే, నేనూ అలాగే పెరిగాను. కానీ క్యాలెండర్ పెట్టేవాళ్లకి ఆ మాట పని పెంచుతుంది. ఎప్పుడైనా అన్నారు కదా అని సియాటిల్ మధ్యాహ్నం 2కి పెడితే మీకు అర్ధరాత్రి దాటి రెండున్నర. అప్పుడు మీరు కుదరదంటారు, మళ్లీ మొదటికి వస్తుంది. లేదా మొహమాటానికి ఒప్పుకుని నిద్రమొహంతో కూర్చుంటారు. ఏ తేదీనుంచి ఏ తేదీ దాకా, రోజులో ఏ గంటల మధ్య అని ఆవిడ గడియారం ప్రకారం రాస్తే ఆవిడ లెక్క వేసుకోనక్కర్లేదు. ఒకటి రెండు టైములు కాదు, కాస్త వెడల్పుగా ఇవ్వాలి.

డాలస్_వాణి
ఇక్కడ ఒక చిక్కుంది, ఎవరూ చెప్పలేదు. నవంబరు మొదటి ఆదివారం, అంటే 2న, మాకు గడియారం ఒక గంట వెనక్కి తిరుగుతుంది. ఇప్పుడు సియాటిల్‌కీ మీకూ తేడా పన్నెండున్నర గంటలు. 2 తర్వాత పదమూడున్నర. సియాటిల్ ఉదయం 8 ఇప్పుడు మీకు రాత్రి 8:30, ఆ తర్వాత 9:30. మీ గడువుకి ముందే ఆ తేదీ వస్తుంది కాబట్టి మీ టైములో రాస్తే తప్పకుండా గందరగోళం అవుతుంది. మా టీమ్‌లో ప్రతి నవంబరులోనూ ఎవరో ఒకరు గంట ముందే కాల్‌లోకి వచ్చి కూర్చుంటారు.

"మంగళవారం 10కి" అని కూడా రాయకండి. మీ మంగళవారం ఉదయం 10 అంటే సియాటిల్‌లో ఇంకా సోమవారం రాత్రి తొమ్మిదిన్నర. వారంతో పాటు తేదీ కూడా ఉండాలి.

మౌనిక_మియాపూర్
నేను రిమైండర్‌లో అచ్చం అలాగే రాశాను వాణి గారూ. "వచ్చే గురువారం సాయంత్రం" అని. ఎవరి సాయంత్రమో రాయలేదు.

ప్రసాద్_ప్రొడక్ట్
నా మాట ఎవరూ పట్టించుకోలేదు. నేరుగా రాస్తే పది నిమిషాల్లో వచ్చింది, అది నిజం.

శారద_స్టెనో
ప్రసాద్ గారూ, నిజమే అయ్యుంటుంది. ఆ జవాబులో ఏముందో గుర్తుందా?

ప్రసాద్_ప్రొడక్ట్
"తప్పకుండా" అని రాసి, వాళ్ల ఈఏని మెయిల్‌లో కలిపారు.

శారద_స్టెనో
అదే. తిరిగి ఆవిడ దగ్గరికే వచ్చింది. మీకు పని జరిగింది, మంచిదే. కానీ అదే మెయిల్ నాకు వచ్చినప్పుడు, బాస్‌కి నేరుగా రాసి నన్ను దాటేశారని తెలుస్తుంది. కోపం తెచ్చుకోవడం కాదు, మిగతావి పక్కకి తోసి దీన్ని ముందు పెట్టాలన్న తొందర నాకు ఉండదు. ఆయన "తప్పకుండా" అన్నారు, ఎప్పుడని అనలేదు.

సీసీ విషయంలో మాత్రం మీరు సగం కరెక్టు. డైరెక్టర్‌ని సీసీలో పెట్టాలి. భయపెట్టడానికి కాదు. ఈ అమ్మాయి పైవాళ్లకి తెలిసే అడుగుతోందా అని నేను ఎలాగూ కనుక్కుంటాను. సీసీలో డైరెక్టర్ పేరు ఉండి, "ఆవిడకి తెలుసు, ఒప్పుకున్నారు" అని ఒక ముక్క ఉంటే ఒక రోజు కలిసొస్తుంది. రోజూ రిమైండర్ మాత్రం వద్దు. వాళ్ల పనిదినాలు మూడు ఆగాలి. మౌనిక సోమవారం రాసి బుధవారం గుర్తు చేసింది, మధ్యలో రెండు రోజులు కూడా పూర్తిగా లేవు.

డాలస్_వాణి
సీసీ సరే, నేరుగా రాయడం విషయంలో శారద గారితో నేను పూర్తిగా ఏకీభవించను. మా కంపెనీలో పెద్దవాళ్లు తమ మెయిల్ తామే చూసుకుంటారు. ఇద్దరినీ కలిపి ఒకే మెయిల్ రాయడం మామూలే, ఈఏలు కూడా అదే ఇష్టపడతారు. బాస్ అదే మెయిల్ థ్రెడ్‌లో "ఓకే" అంటే వాళ్లు వెంటనే స్లాట్ పెట్టేస్తారు. కంపెనీని బట్టి ఉంటుంది.

శారద_స్టెనో
ఉండొచ్చు వాణీ. నేను చూసిన ఇద్దరు బాసులూ అలా కాదు. మౌనిక తన ఆఫీసులో ఇదివరకు ఆయన టైము దొరికినవాళ్లని అడిగి చూస్తే తెలుస్తుంది.

కొత్తపేట_హరి
ఖాళీ చూసే కదా ఆమె ఇన్వైట్ పెట్టింది. `Scheduling Assistant` లో తెల్లగా ఉంటే ఖాళీ అనే అర్థం. అలాంటప్పుడు డిక్లైన్ ఎందుకు చేయాలి? నాకది అన్యాయం అనిపించింది.

శారద_స్టెనో
అక్కడ తెల్లగా కనిపించేది నిజంగా ఖాళీ కావడం తక్కువ. మా ఎండీ గారికి రోజూ రెండు ముక్కలు కావాలనే ఖాళీగా ఉంచేదాన్ని, పొద్దున అరగంట, సాయంత్రం అరగంట. ప్లాంటులో ఏదైనా జరిగితే, బోర్డు సభ్యుడు ఫోన్ చేస్తే అందులో సర్దేదాన్ని. ఒక మీటింగ్‌నుంచి ఇంకో భవనానికి నడిచే టైము, ఎయిర్‌పోర్టు దారి, భోజనం, ఇవన్నీ క్యాలెండర్‌లో రాసి ఉండవు, నాకు తెలుసు. బయటినుంచి ఎవరో వచ్చి ఆ ముక్క మీద ఇన్వైట్ పెడితే ముందు డిక్లైన్ చేస్తాను, ఎందుకంటే అలా వదిలేస్తే ఆ అరగంట నిండినట్టే కనిపిస్తుంది. కారణం రాయడానికి ఆగను. మౌనికా, ఆ డిక్లైన్ నీ మీద తీర్పు కాదు. ఆవిడ తన పని తాను చేసుకుంది.

ఇంకో సంగతి. అక్టోబరు చివర, నవంబరు మొదట్లో చాలా కంపెనీల్లో మూడు నెలల ఫలితాలు ప్రకటిస్తారు. ఫైనాన్స్ పెద్దల క్యాలెండర్ ఆ రోజుల్లో గట్టిగా బిగుసుకుపోయి ఉంటుంది. నీ కంపెనీ ఫలితాల తేదీ చూసుకుని, ఆ రెండు మూడు రోజులు వదిలి మిగతావి ఇవ్వు. ఆ తేదీ గమనించి రాశావని ఆవిడకి తెలుస్తుంది.

సిద్ధిపేట_సుధాకర్
మా చేనేత సంఘం తరఫున కలెక్టర్ గారిని కలవాల్సి వచ్చినప్పుడు నాకు ఇలాగే అయింది. మెయిల్ పెట్టాం, జవాబు లేదు. చివరికి కలెక్టరేట్‌కి వెళ్లి ఆయన సీసీని కలిశాను. ఆయన అడిగింది రెండే: "ఫైలు ఏ సెక్షన్లో ఉంది? నంబరు ఎంత?" నా దగ్గర లేదు. "సోమవారం ప్రజావాణిలో ఇవ్వండి, నంబరు వస్తుంది, అప్పుడు రండి" అన్నారు. వారం తర్వాత ఆ నంబరుతో వెళితే అదే రోజు సాయంత్రం ఐదు నిమిషాలు దొరికింది. సీసీ ముందే సెక్షన్‌నుంచి ఫైలు తెప్పించి సార్ టేబుల్ మీద పెట్టి ఉంచారు. శారద గారు చెప్పిన ఒక్క వాక్యం లాంటిదే అక్కడ ఫైలు నంబరు.

కొత్తపేట_హరి
ఇక్కడ సీసీ అంటే మెయిల్ సీసీ అనుకుని రెండుసార్లు చదివాను సుధాకర్ అన్నా. క్యాంప్ క్లర్కు కదా!

గోదారి_గట్టు
15 అడిగితే 10 ఇస్తారు. అందుకే 30 అడగాలి. మా ఆఫీసులో అందరూ చేసేది అదే.

శారద_స్టెనో
దీనికి మాత్రం గట్టిగా కాదంటాను. రెండు మీటింగుల మధ్య 15 నిమిషాల సందు వారంలో నాలుగైదు దొరుకుతుంది. 30 నిమిషాలది మూడు వారాల తర్వాత ఉంటుంది. 30 అడిగి 12 నిమిషాల్లో ముగిస్తే ఈసారి మీ పేరు చూడగానే నాకు గుర్తొస్తుంది.

డాలస్_వాణి
మా దగ్గర సెట్టింగులే 25, 50 నిమిషాలకి పెట్టి ఉంటాయి, మధ్యలో ఊపిరి పీల్చుకోవడానికి. కాబట్టి 25 అడిగినా ఎవరూ ఏమనుకోరు. కానీ ఒక్క నిర్ణయానికి 15 చాలు.

నైట్‌షిఫ్ట్_నాని
మౌనిక గారూ, ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోకండి. మీ డైరెక్టర్ ఒప్పుకున్నారు. ఆయన మెయిల్‌లో "ఆపేయండి" అని రాస్తే అయిపోతుంది కదా. మీకు నిర్ణయం కావాలా, ఆయనతో మాట్లాడటం కావాలా?

మౌనిక_మియాపూర్
ఇది రాసేముందు చాలాసేపు ఆలోచించాను. రెండూ కావాలి. 14 నెలలు ఆరుగురం రాత్రిళ్లు కూర్చుని చేశాం. ఆయనకి మా టీమ్ ఉందని కూడా తెలియదు. ఒక్కసారి మా పని మా నోటితో చెప్పాలని ఉంది. బహుశా అందుకే ఆ రెండు పేరాలు రాశాను.

శారద_స్టెనో
అందులో తప్పేమీ లేదమ్మా. కానీ రెండూ ఒకే మెయిల్‌లో పెడితే చిన్న విషయంలో పెద్ద విషయం మునిగిపోతుంది. నిర్ణయం గడువు ఉన్నది, దాన్ని ముందు పంపు. టీమ్‌ని పరిచయం చేయడం గడువు లేనిది. జనవరిలో ఆయన హైదరాబాద్ వస్తారేమో, హైదరాబాద్ టీమ్‌లతో మాట్లాడే కాల్ ఏదైనా ఉంటుందేమో, అప్పుడు అదే ఈఏని విడిగా అడుగు. అప్పటికి నీ పేరు ఆవిడకి తెలిసి ఉంటుంది.

ప్రసాద్_ప్రొడక్ట్
"మెయిల్‌లో జవాబిచ్చినా చాలు" అని మాత్రం రాయకండి. తలుపు మీరే మూసుకున్నట్టవుతుంది. అలా రాస్తే కాల్ ఎవరిస్తారు?

సిద్ధిపేట_సుధాకర్
నాకైతే ప్రసాద్ గారి మాటే బాగుంది. మనిషి ఎదురుగా కూర్చుంటే జరిగే పని వేరు.

శారద_స్టెనో
నేనైతే రాస్తాను. అలా రాసినవాళ్లకి నేను ఎక్కువ విలువ ఇచ్చేదాన్ని, పని కావాలని అడుగుతున్నారని తెలిసేది. కానీ ఇది మౌనిక ఇష్టం.

మౌనిక_మియాపూర్
రెండు రోజులు కూర్చుని మళ్లీ రాశాను. దీపావళి సెలవు తర్వాత, 21న పంపుదామని. చూసి చెప్పండి.

సబ్జెక్టు: 15 నిమిషాలు, నవంబరు 12 లోపు: సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఆపాలా వద్దా

"సార్‌తో 15 నిమిషాల వీడియో కాల్ కోరుతున్నాను. అడగాల్సింది ఒక్కటే: బ్యాంకు లెక్కలు సరిచూసే పాత సాఫ్ట్‌వేర్ లైసెన్సును ఆపాలా, ఇంకో ఏడాది పొడిగించాలా. నవంబరు 15 లోపు నోటీసు ఇవ్వకపోతే ఒప్పందం దానంతటదే ఏడాదికి పొడిగిపోతుంది. లీగల్‌కి రెండు రోజులు కావాలి కాబట్టి 12 లోపు నిర్ణయం అవసరం.

సంతకం అధికారం ఆయన స్థాయిలో ఉంది. సీసీలో ఉన్న మా డైరెక్టర్ ఆపాలనే సూచిస్తున్నారు.

అక్టోబరు 27నుంచి నవంబరు 7 వరకు, ఫలితాల ప్రకటన ఉన్న 29, 30 తప్ప, మీ సమయం ఉదయం 7:30కీ 9:30కీ మధ్య ఏ రోజైనా నాకు వీలే. నేనూ మా డైరెక్టరూ మాత్రమే ఉంటాం. ఒక పేజీ వివరం జతచేశాను. కాల్ లేకుండా ఆయన మెయిల్‌లో నిర్ణయం చెప్పినా పని జరుగుతుంది.

13న మిమ్మల్ని అడగకుండా ఇన్వైట్ పెట్టినందుకు క్షమించండి."

శారద_స్టెనో
బాగుంది. రెండు మార్పులు. క్షమాపణ పైన పెట్టకుండా చివర పెట్టావు, సరైన చోటే ఉంది, కానీ ఇంకా చిన్నది చెయ్యి. రెండోది, కొత్త మెయిల్‌గా పంపు. పాత థ్రెడ్‌లో జవాబుగా పంపితే కింద ఆ రెండు పేరాలూ మళ్లీ కనిపిస్తాయి. మామూలుగా అదే థ్రెడ్‌లో గుర్తు చేయమంటాను, నీ విషయంలో మాత్రం పాతది అక్కడే వదిలెయ్యి.

డాలస్_వాణి
టైములు సరిగ్గా ఉన్నాయి. నవంబరు 1 దాకా మీకు రాత్రి 8నుంచి 10, తర్వాత 9నుంచి 11. ఇంట్లో చెప్పి ఉంచండి.

కొత్తపేట_హరి
నాదొక చిన్న మాట. ఇచ్చిన టైము మార్చినా కోపం తెచ్చుకోవద్దు. నా కాల్ మూడుసార్లు మారింది. మూడోసారి పది నిమిషాల ముందు రద్దయితే, "నా సమయానికి విలువ లేదా" అని ఈఏకి రాసేశాను. తర్వాత నాలుగో టైము అడగడానికి నాకే మొహం చెల్లలేదు, మా మేనేజర్ వెళ్లి మాట్లాడారు. మార్చింది ఆవిడ కాదు, బాస్ ఫ్లైట్ లేటయింది. అది నాకు తర్వాత తెలిసింది.

మౌనిక_మియాపూర్
జవాబు వచ్చింది! 21న పంపాను, 22 ఉదయం చూస్తే ఉంది. విడిగా మీటింగ్ ఇవ్వలేదు. మా డైరెక్టర్‌కి ఆయనతో నవంబరు 5 బుధవారం వన్-ఆన్-వన్ ముందే ఉందట. అందులో చివరి పది నిమిషాలు, సియాటిల్ ఉదయం 8:30కి, నన్ను చేరమన్నారు. ఒక పేజీ సోమవారం లోపు తనకే పంపాలట, ఆయన చదివే కాగితాల్లో పెడతానన్నారు. "మంచి సమాచారం ఇచ్చారు" అని ఒక వాక్యం కూడా రాశారు. ఆ వాక్యం మా టీమ్ అందరికీ చూపించాను.

శారద_స్టెనో
ఇది కొత్త మీటింగ్ కన్నా మేలు. ఉన్న మీటింగులో ముక్క ఇవ్వడమంటే ఆవిడ నీకోసం ఆలోచించిందని. అలా ఇచ్చినవి సాధారణంగా చివరి నిమిషంలో మారవు, ఆయనా డైరెక్టరూ ఎలాగూ కలుస్తారు కాబట్టి. 5న నీకు రాత్రి 10 గంటలు. పది నిమిషాలు అన్నారంటే ఆరు అనుకో. మొదటి వాక్యంలోనే ఏం కావాలో అడిగెయ్యి.

గోదారి_గట్టు
10 ఇచ్చారు చూశారా. 15 అడిగితే 10.

మౌనిక_మియాపూర్
నిన్న రాత్రి అయింది. ముందు విషయం సాగడంతో 8:36కి నన్ను పిలిచారు. మొదటి వాక్యంలోనే అడిగేశాను. ఆయన కాగితం నిజంగా చదివి వచ్చారు. ఒకే ప్రశ్న వేశారు: "పాతది ఆపాక డిసెంబరు చివర ఏడాది లెక్కలు ముగించేటప్పుడు కొత్త సిస్టమ్ ఆగిపోతే, చేత్తో ఎంతమంది ఎన్ని రోజులు చేయాలి?" నా దగ్గర ఆ లెక్క లేదు. సిస్టమ్ గురించి అంతా తెలుసు కానీ అది ఆగితే ఏమవుతుందో కాగితంలో రాయలేదు. శుక్రవారం లోపు పంపమన్నారు, చూసి మెయిల్‌లో చెప్తానన్నారు. ఈ రోజంతా కూర్చుని లెక్క వేశాం, నలుగురు, తొమ్మిది రోజులు. రేపు పంపుతాను.

దాన్ని ఆయనకి పంపాలా, ఈఏకి పంపాలా? ఆ తర్వాత జవాబు రాకపోతే 12 దాకా ఆగనా?

ప్రసాద్_ప్రొడక్ట్
ఆయనే అడిగారు కాబట్టి ఈసారి ఆయనకే. ఇది మాత్రం శారద గారు కూడా ఒప్పుకుంటారు.

శారద_స్టెనో
ఒప్పుకుంటాను. ఆయనకి పంపు, ఆవిడా డైరెక్టరూ సీసీలో. మొదటి లైనులోనే "నలుగురు, తొమ్మిది రోజులు" అని పెట్టు. 12 దాకా ఆగకు. సోమవారం 10న వాళ్ల ఉదయానికి ఆవిడకి ఒక్క లైను రాయి: లెక్క శుక్రవారం పంపాను, లీగల్‌కి బుధవారం ఇవ్వాలి, ఆయన చూశారో లేదో చెప్పగలరా అని. 11 మంగళవారం అక్కడ వెటరన్స్ డే. మీ కంపెనీకి సెలవు ఉందో లేదో ఈ రోజే చూసుకో. సెలవైతే నీ చేతిలో ఉన్నది సోమవారం ఒక్కటే.

మౌనిక_మియాపూర్
చూశాను. మాకు సెలవు లేదు, కానీ లీగల్ టీమ్‌లో మా ఫైలు చూసే ఆయన మాత్రం ఆ రోజు సెలవు పెట్టారట. శుక్రవారం మెయిల్‌లోనే ఆ సంగతి కూడా రాస్తాను.